కర్త తప్పుకున్న వాక్యాలు: బస్తర్ అడవుల కథ

ముందు ఈ వాక్యం ఒకసారి చదవండి:

"బస్తర్ సంస్థానంలో అటవీ రిజర్వేషన్ అమలు, గ్రామాల తరలింపు, పోడు నియంత్రణల ఫలితంగా 1910లో అలజడి సంభవించగా, తగిన చర్యల ద్వారా శాంతిభద్రతల పునరుద్ధరణ జరిగింది."

ఈ వాక్యం ఏ ఫైలులోనుంచీ తీసింది కాదు. నమూనా కోసం నేను అల్లింది. కానీ మీకు ఎక్కడో చదివినట్టే అనిపించి ఉంటుంది. వార్షిక నివేదికల్లో, పాఠ్యపుస్తకాల్లో, సిద్ధాంత గ్రంథాల్లో ఇలాంటివి పేజీకి పది దొరుకుతాయి. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. చరిత్ర ప్రకారం అబద్ధమూ లేదు. అయినా చదివాక మన కళ్ల ముందు ఒక్క మనిషి కూడా కనిపించడు. ఎందుకని?

కారణం వెతకడం కష్టమేమీ కాదు. రిజర్వేషన్, అమలు, తరలింపు, నియంత్రణ, అలజడి, చర్యలు, పునరుద్ధరణ — ఈ ఏడూ పనులే. ఎవరో ఒకరు చేస్తే తప్ప జరగనివి. కానీ వాక్యంలో అవి క్రియలుగా లేవు, పేర్లుగా ఉన్నాయి. వాక్యం మొత్తానికి సమాపక క్రియ ఒకే ఒక్కటి: "జరిగింది". ఏం జరిగింది అంటే, పునరుద్ధరణ జరిగింది. అంటే ఈ వాక్యానికి కర్త ఏ రాజో, దివానో, ఆదివాసో కాదు. పునరుద్ధరణ!

క్రియనుంచి పుట్టిన ఇలాంటి పేర్లను ఈ వ్యాసంలో క్రియానామాలు అందాం. తెలుగులో వీటిని తయారు చేసుకోవడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. ఒకటి మన సొంత దారి: కొట్టు – కొట్టడం, తరలించు – తరలింపు. రెండోది సంస్కృతంనుంచి వచ్చింది: రక్షణ, నియంత్రణ, సేకరణ, స్వాధీనం. ఏ దారిన వచ్చినా నష్టం మాత్రం ఒకటే. ఆ నష్టం ఇంగ్లీషులో కంటే మన భాషలో ఎక్కువ.

ఎలాగో చూడండి. "తరలించారు" అన్న ఒక్క మాటలో ఎన్ని సంగతులున్నాయి! పని అయిపోయింది. చేసినవాళ్లు ఒకరికంటే ఎక్కువమంది, లేదా మనం గౌరవించాల్సినవారు. వాళ్లు నేనూ కాదు, నువ్వూ కాదు. "తరలించాను" అంటే చేసింది నేను. "తరలిస్తారు" అంటే పని ఇంకా కాలేదు, ఆపడానికి వీలుంది. "తరలించలేదు" అంటే అసలు జరగలేదు. తెలుగు క్రియ చివర ఉండే ఆ చిన్న ప్రత్యయం కాలాన్నీ పురుషనూ వచనాన్నీ మోసుకొస్తుంది. "తరలింపు" అనగానే ఆ మూటంతా కింద పడిపోతుంది. ఎవరు, ఎప్పుడు, అయిందా లేదా — ఒక్కటీ మిగలదు. ద్రావిడ భాషలకు సాధారణంగా ఉన్న గుణమిది. బస్తర్ కొండల్లో మాట్లాడే గోండీలోనూ, ధుర్వాలు మాట్లాడే పర్జీలోనూ క్రియ తన కర్త ఎవరో చెబుతూనే ఉంటుంది. ఆ భాషలు మన తెలుగుకు చుట్టాలు. మన కథానాయకులు ఆ ధుర్వాలే గనుక ఈ సంగతి గుర్తుంచుకోండి.

బస్తర్ ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొసన, మన భద్రాచలం అడవులకు ఎగువన ఉంది. ఇంద్రావతి నది దాని మధ్యగా ప్రవహించి గోదావరిలో కలుస్తుంది. అక్కడి రాజులు తాము ఓరుగల్లు కాకతీయుల వంశంవాళ్లమని చెప్పుకునేవారు. 1998లో ముక్కలు కాకముందు ఆ ఒక్క జిల్లా విస్తీర్ణం కేరళ రాష్ట్రం కంటే కాస్త ఎక్కువే. బ్రిటిష్ కాలంలో అదొక సంస్థానం. గద్దె మీద రాజా రుద్రప్రతాప్ దేవ్ ఉన్నా, పెత్తనం బ్రిటిష్ అధికారులదీ, వాళ్లకు నచ్చిన దివాన్లదీను.

ఇప్పుడు మన నమూనా వాక్యంలోని మూటలు ఒక్కొక్కటే విప్పుదాం.

మొదటి మూట: రిజర్వేషన్

రిజర్వ్ చేయడమంటే అట్టేపెట్టడం. క్రియగా రాయగానే మూడు ప్రశ్నలు వస్తాయి: ఎవరు అట్టేపెట్టారు? ఏం అట్టేపెట్టారు? ఎవరికి దక్కకుండా అట్టేపెట్టారు? "రిజర్వేషన్" అన్నప్పుడు ఈ ప్రశ్నలు మనకు తట్టవు. "అట్టేపెట్టారు" అంటే తట్టకుండా ఉండవు.

జవాబులు చరిత్రలో ఉన్నాయి. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవుల్లో మూడింట రెండు వంతులు రిజర్వ్ చేయాలని ప్రతిపాదించింది. ఆ భాగంలో పోడు చేయకూడదు, వేటాడకూడదు, అటవీ ఫలసాయం ఏరుకోకూడదు. ఇదంతా మూడు నిషేధాల చిన్న జాబితాలా కనిపిస్తుంది. కానీ తిండిగింజలు, మాంసం, ఇప్పపువ్వు, చింతపండు, కలప అన్నీ అడవినుంచే తెచ్చుకునే ఊరికి ఈ మూడూ పోతే మిగిలేదేమిటో మీరే లెక్కవేసుకోండి.

ఇక్కడ ఇంకో సంగతి. "రిజర్వేషన్" అన్న మాట వినగానే అంతకుముందు ఆ అడవి ఎవరిదీ కాదనీ, అడ్డూ ఆపూ లేకుండా పడి ఉండేదనీ అనిపిస్తుంది. నిజం అది కాదు. బస్తర్‌లో ప్రతి ఊరికీ తన పొలిమేర తెలుసు. ఆ పొలిమేరలోని అడవినీ ఏరునూ కొండనూ ఊరే చూసుకునేది. పక్క ఊరివాళ్లు వచ్చి కట్టెలు కొట్టుకోవాలంటే చిన్న రుసుము చెల్లించేవారు. దానికి దేవ్‌సారీ, దాండ్, మాన్ అని పేర్లు. కొన్ని ఊళ్లు అడవికి కావలివాళ్లను పెట్టుకుని, ఇంటింటి నుంచీ కొంత ధాన్యం పోగుచేసి వాళ్లకిచ్చేవి. అంటే అడవిని కాచే ఏర్పాటు ముందే ఉంది. కొత్తగా వచ్చింది కాపలా కాదు, కాపలాదారు మారడం.

రెండో మూట: తరలింపు

దీన్ని విప్పితే రెండు రకాల ఊళ్లు బయటపడతాయి. కొన్ని ఊళ్లను రిజర్వ్ అడవిలోనే ఉండనిచ్చారు. షరతేమిటంటే, అటవీశాఖకు చెట్లు కొట్టిపెట్టాలి, దుంగలు మోసిపెట్టాలి, అడవికి నిప్పంటుకోకుండా కాయాలి. కూలి లేదు. తరవాత వీటికే "అటవీ గ్రామాలు" అన్న పేరు వచ్చింది. వినడానికి ఎంత చల్లగా ఉందో చూడండి! మిగతా ఊళ్లవాళ్లను ముందుగా చెప్పకుండా, పరిహారమివ్వకుండా పంపేశారు. ఈ రెండు అనుభవాలూ ఒకటి కావు. ఒకచోట చాకిరీ, ఇంకోచోట వెళ్లగొట్టడం. "తరలింపు" అన్న ఒక్క మాట మొదటిదాన్ని పూర్తిగా మింగేసింది, రెండోదాన్ని సామాన్ల బండి ప్రయాణంలా మార్చేసింది.

కాలం కూడా మర్చిపోకూడదు. ఇదంతా 1899–1900 కరువు, 1907–1908 కరువు పక్కపక్కనే జరిగింది. క్రియకు కాలం ఉంటుంది గనుక "ఎప్పుడు?" అని అడుగుతాం. అడిగితేనే ఆ కరువులు కనిపిస్తాయి.

మూడో మూట: అలజడి

ఆంగ్ల అధికారుల భాషలో తిరుగుబాటుకు అలజడి అన్నది చాలా ఇష్టమైన పేరు. అలజడి సముద్రంలో వస్తుంది, కడుపులో వస్తుంది. దాన్ని ఎవరూ చేయరు, వస్తుందంతే. మన వాక్యం కూడా "సంభవించగా" అంది, తుపాను గురించి అన్నట్టు.

జరిగింది ఇదీ. రిజర్వేషన్ మొట్టమొదట అమలైన కాంగేర్ అడవిలో ధుర్వాలు ముందు కదిలారు. ఊరి సమావేశాల్లో, సంతల్లో, జాతరల్లో మాట్లాడుకున్నారు. 1910లో ఊరినుంచి ఊరికి మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు పంపారు. అవి తిరుగుబాటుకు పిలుపు. ప్రతి ఊరూ ఖర్చులకు తలో ఇంత ఇచ్చింది. తరవాత వాళ్లు సంతలను కొల్లగొట్టారు. అధికారుల ఇళ్లనూ, వర్తకుల ఇళ్లనూ, బడులనూ, పోలీసు ఠాణాలనూ తగలబెట్టారు. దొరికిన ధాన్యాన్ని పంచుకున్నారు. ఒకే నాయకుడి వెనక నడిచిన ఉద్యమం కాకపోయినా, నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు అందరి నోటా నిలిచింది.

చూశారుగా, క్రియలు తిరిగి రాగానే తిరుగుబాటుదారులు మెత్తబడలేదు. వాళ్లు కాల్చినవీ కొల్లగొట్టినవీ కూడా బయటికొచ్చాయి. క్రియానామాన్ని విప్పడమంటే మనకిష్టమైన పక్షాన్ని కాపాడడం కాదు. అది రెండువైపుల చేతులనూ చూపిస్తుంది.

ఆ ప్రజలు మాత్రం దీన్ని భూమ్‌కాల్ అన్నారు. భూమి కంపించడమని దాని భావం. అదీ నామమే. కాకపోతే అలజడి అన్నవాడు దూరంనుంచి చూస్తున్నాడు, భూమ్‌కాల్ అన్నవాడి కాళ్ల కింద నేల కదిలింది. పేరు పెట్టినంతమాత్రాన భాష నిర్జీవం కాదని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

నాలుగో మూట: తగిన చర్యలు, పునరుద్ధరణ

ఆదివాసీ నాయకులు సంప్రదింపులకు ప్రయత్నించారు. బ్రిటిష్ సేనలు వాళ్ల విడిదిని చుట్టుముట్టి కాల్పులు జరిపాయి. ఆ తరవాత సైనికులు ఊరూరా తిరిగి, తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లను కొరడాలతో కొట్టారు, శిక్షించారు. జనం అడవుల్లోకి పారిపోయారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఫిబ్రవరినుంచి మే దాకా, మూడు నెలలకు గాని బ్రిటిష్‌వాళ్లకు పట్టు చిక్కలేదు. గుండాధూర్ మాత్రం వాళ్లకు చిక్కనే లేదు.

ఇదంతా "తగిన చర్యలు" అన్న రెండు మాటల్లో ఇమిడిపోయింది. పైగా "తగిన" అన్న విశేషణం చర్యకు తగులుకుని హాయిగా సాగిపోతుంది. అదే "తగినట్టుగా కొరడాతో కొట్టారు" అని రాయండి చూద్దాం. చదివేవాడు ఆగి, ఎవరికి తగింది అని అడుగుతాడు.

నమూనా వాక్యంలో అసలు లేని సంగతి ఇంకొకటుంది. తిరుగుబాటు తరవాత రిజర్వ్ చేసే పనిని తాత్కాలికంగా ఆపేశారు. రిజర్వ్ చేయాల్సిన విస్తీర్ణాన్ని 1910కి ముందు అనుకున్నదాంట్లో సుమారు సగానికి తగ్గించారు. అంటే ధుర్వాలూ, మరియాలూ, మురియాలూ చేసిన పనికి ఫలితం దక్కింది. "అలజడి"కి ఫలితం ఉంటుందని ఎవరూ వెతకరు. మనుషులు చేశారని తెలిస్తేనే, చేసి ఏం సాధించారని అడుగుతాం.

ఒక మూట తెలుగులో ప్రత్యేకంగా ప్రమాదకరం. "బజార్లలో గిరిజనుల దోపిడీ" అన్న శీర్షిక చూశారనుకోండి. గిరిజనులు దోచుకున్నారా? గిరిజనులను దోచుకున్నారా? షష్ఠీ విభక్తి రెంటికీ సరిపోతుంది. బస్తర్ సంతల విషయంలో రెండూ జరిగాయి గనుక సందర్భం కూడా మనల్ని ఆదుకోదు. "దోచుకున్నారు" అని క్రియ రాస్తే ప్రథమా విభక్తి ఒకరికీ, ద్వితీయా విభక్తి ఇంకొకరికీ ఇవ్వక తప్పదు. వాక్యం ఒక మాట పెరుగుతుంది, అర్థం ఒకటవుతుంది.

అయితే క్రియానామాలన్నీ ఏరిపారేయాలా? అలా చేస్తే ఈ పత్రికే మూతపడుతుంది. విజ్ఞానశాస్త్రం వాటి మీదే నడుస్తోంది. "గాలిలోనుంచి నీటిలోకి వెళ్లేటప్పుడు కాంతికిరణం వంగుతుంది" అని ముందు క్రియతో చెబుతాం. ఆ తరవాత ప్రతిసారీ అంత వాక్యం రాయలేం గనుక, దాన్ని "వక్రీభవనం" అని మూటకట్టి తరవాతి మెట్టు ఎక్కుతాం. వక్రీభవనం రంగును బట్టి మారుతుంది అనగలుగుతాం. న్యూటన్ 1704లో ప్రచురించిన 'ఆప్టిక్స్' గ్రంథంలో ఇంగ్లీషు గద్యం ఈ పద్ధతిని ఎలా అలవరచుకుంటోందో భాషాశాస్త్రవేత్త హాలిడే విడమరిచి చూపించాడు. ఒక వాక్యంలో రుజువైన సంగతి తరవాతి వాక్యంలో పేరుగా మారి పునాది రాయవుతుంది. ఇది మోసం కాదు, పొదుపు.

తేడా ఎక్కడుందంటే, కాంతికిరణం ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. వక్రీభవనంలో దాగిన కర్త లేడు. అటవీశాఖ వేరు. ఇంకో తేడా కూడా ఉంది. భౌతికశాస్త్ర గ్రంథంలో మూట కట్టకముందు లోపలేముందో మనకు చూపిస్తారు. సర్కారీ కాగితంలో మూట మొదటి వాక్యంలోనే కట్టేసి ఉంటుంది. కాబట్టి చదివేటప్పుడు మీరు చేయాల్సిన పరీక్ష ఒక్కటే: ఈ పేరు వెనక ఉన్న పూర్తి వాక్యం ఇదే వ్యాసంలో ఎక్కడైనా వచ్చిందా? వస్తే ఆ పేరు వాడుకోవచ్చు. రాకపోతే విప్పమని అడగాలి.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కాగితంలో కర్త లేకపోతే మనం ఊహించి పెట్టకూడదు. "ఎవరు ఆదేశించారో ఇందులో లేదు" అని రాయాలి. అనువాదాలు చేసే నాలాంటివాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. ఇంగ్లీషులో కర్త లేకుండా ఉన్న వాక్యాన్ని "చేయబడినది" అని రాస్తే కృతకమని అందరూ అంటారు. అందుకని "చేయడం జరిగింది" అన్న కొత్త మొక్క మొలిచింది. రోడ్డు వేయడం జరిగింది, మందులు ఇవ్వడం జరిగింది, అర్జీని పరిశీలించడం జరిగింది. నన్నడిగితే రెండోది మొదటిదానికంటే ఘోరం. "చేయబడినది" అంటే కనీసం "ఎవరిచేత?" అని అడగబుద్ధేస్తుంది. "జరిగింది" అంటే అదీ లేదు.

ఇదంతా నూరేళ్ల కిందటి ముచ్చట కాదు. ఛత్తీస్‌గఢ్‌లో అమల్లో ఉన్న 1927 నాటి భారత అటవీ చట్టంలో తొమ్మిదో సెక్షన్ శీర్షికను తెలుగులో "హక్కుల విలోపం" అనవచ్చు. దీపం కొండెక్కినట్టు హక్కులు వాటంతటవే ఆరిపోయాయన్నమాట! విప్పి చూద్దాం. ప్రభుత్వం ఒక భూమిని రిజర్వ్ అడవి చేయాలనుకుంటే ముందు ఆ సంగతి ప్రకటిస్తుంది. అటవీ సెటిల్‌మెంట్ అధికారి చుట్టుపక్కల ఊళ్లలో స్థానిక భాషలో ప్రకటన వేయించి, ఆ భూమి మీద హక్కు ఉందనుకునేవాళ్లు వచ్చి చెప్పుకోవడానికి మూడు నెలలకు తగ్గకుండా గడువిస్తాడు. వచ్చినవాళ్ల మాటలు రాసుకుంటాడు. రానివాళ్ల హక్కుల గురించి కూడా సర్కారు రికార్డుల్లో, తెలిసినవాళ్ల సాక్ష్యంలో దొరికినంత మేరకు విచారిస్తాడు. ఒక మనిషి గడువులోగా చెప్పుకోకపోయి, విచారణలో అధికారికీ తెలియకపోతే, అతని హక్కు పోతుంది. తుది ప్రకటన వెలువడేలోగా వచ్చి, ఆలస్యానికి తగిన కారణం చూపితే తప్ప.

ఇప్పుడు కొత్త వాక్యం ఇలా ఉంటుంది: "మూడు నెలల్లో నువ్వు రాలేదు, నేను విచారించినా నీ సంగతి నాకు తెలియలేదు, కాబట్టి నీ హక్కును నేను తీసేశాను." పొడుగైంది, నిజమే. కానీ ఇందులో అడగదగినవి ఎన్ని ఉన్నాయో చూడండి. ప్రకటన నా ఊళ్లో వేశారా? నాకు వచ్చిన భాషలో వేశారా? విచారించానన్నావు, ఎవరిని అడిగావు? విలోపాన్ని పట్టుకుని ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అడగలేం.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అందులోనూ కేంద్రంలో ఉన్నది ఒక క్రియానామమే: హక్కుల "గుర్తింపు". ఈసారి ఆ మాటను ఆలోచించే వాడారనిపిస్తుంది. ఉన్నదాన్నే గుర్తిస్తారు, లేనిదాన్ని గుర్తించలేరు. "మంజూరు" అని ఉంటే హక్కు సర్కారు ఇచ్చిన కానుక అయ్యేది. "గుర్తింపు" అనడంతో, హక్కు ముందే ఉందని చట్టం ఒప్పుకున్నట్టయింది. ఆదివాసులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికే అంటుంది. (అక్కడ కూడా "జరిగింది" అనే అనుకోవాలి. చేసినవాళ్ల పేరు పీఠికలో లేదు.)

కానీ దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఈ మూట కూడా విప్పి చెప్పాలి. గుర్తించేది ఒకరు కాదు, మూడు అంచెలు. గ్రామసభ అర్జీలు తీసుకుని, పరిశీలించి, తీర్మానం చేస్తుంది. సబ్ డివిజన్ స్థాయి కమిటీ ఆ తీర్మానాన్ని పరిశీలిస్తుంది. జిల్లా స్థాయి కమిటీ తుది నిర్ణయం తీసుకుంటుంది. అర్జీ పోయిందనుకోండి. ఇంటికొచ్చిన కాగితంలో "క్లెయిము తిరస్కరణ జరిగింది" అని మాత్రమే ఉంటే ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి? గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి వెళ్లాలి. సబ్ డివిజన్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి వెళ్లాలి. రెండింటికీ గడువు అరవై రోజులే, నిర్ణయం చేసిన తేదీనుంచి. ఎవరు కాదన్నారో తెలియకపోతే ఏ గుమ్మం ఎక్కాలో తెలియదు. ఎప్పుడు కాదన్నారో తెలియకపోతే అరవై రోజుల్లో ఎన్ని మిగిలాయో తెలియదు. తెలుగు క్రియ తన తోకలో మోసుకొచ్చే రెండు సంగతులూ సరిగ్గా ఇవే.

అందుకే ఆ కాగితం మీద ఉండాల్సిన వాక్యం ఇది: "ఫలానా తేదీన సబ్ డివిజన్ స్థాయి కమిటీ మీ అర్జీని ఫలానా కారణంతో తిరస్కరించింది. అరవై రోజుల్లోగా మీరు జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు."